తాళంచెవి దొరకకపోవడం వల్ల

మా ఆఫీసులో నన్ను కామా అక్క అంటారు. పేరు పెట్టింది మెకానిక్కులు. ముఖం మీద అనరు లెండి, వెనకాలే. కానీ నావి పాముచెవులు. మొదట్లో ఒళ్ళు మండేది, తర్వాత అలవాటైపోయింది, ఆ తర్వాత కొంచెం గర్వంగా కూడా ఉండేది. ఆ గర్వం గురించే ఇదంతా చెబుతున్నాను.

మా కంపెనీ పని లిఫ్టులు బాగుచేయడం. మెకానిక్కు పని ముగించి, అక్కడే మెట్ల మీద కూర్చుని, గ్రీజు చేతులతో ఫోనులో మెయిల్ కొడతాడు. అది నా దగ్గరికి వస్తుంది. నేను దాన్ని చదవడానికి వీలుగా దిద్ది, ఆ భవనం చూసుకునే మేనేజరుకు పంపుతాను. పద్నాలుగేళ్ళుగా నా ఉద్యోగం అదే. తిట్టుకుంటూ చేస్తాను గానీ, సెలవు పెడితే నాకు తోచదు.

ఆ మెయిళ్ళు ఎలా ఉంటాయో చూడాలి మీరు. "బెల్టు అరిగిపోవడం వల్ల." అని ఉంటుంది, చుక్క పెట్టి. అరిగిపోవడం వల్ల ఏమైంది నాయనా? కిందపడిందా, మీదపడిందా? ఆ ముక్క అలా నడివీధిలో నిలబడి ఉంటుంది, ముందూ వెనకా ఎవరూ లేకుండా. సగం తప్పు వాళ్ళది కాదు, ఫోనుది. స్పేసు రెండుసార్లు నొక్కితే అదే చుక్క పెట్టేస్తుంది. మిగతా సగం మాత్రం వాళ్ళదే. నోటితో చెప్పినట్టే రాస్తారు. నోటితో చెప్పేటప్పుడు పక్కన మనిషి ఉంటాడు, తలూపుతాడు, సగం మాటకే అర్థమైపోతుంది. మెయిల్లో తలూపేవాడు ఉండడు.

దిద్దడంలో నాకో పద్ధతి ఉంది. ఒకళ్ళ మాటల్లో నా మాట కలపను. ఎంత తక్కువ ముట్టుకుంటే అంత మంచిది. భవనం వాళ్ళు "లిఫ్టు ఎందుకు ఆగింది?" అని అడిగి, మావాడు "కరెంటు హెచ్చుతగ్గుల వల్ల." అని జవాబిచ్చాడనుకోండి. ప్రశ్నలోని "ఆగింది"నే తెచ్చి చివర తగిలిస్తాను, అంతే. "ఎందుకంటే" అని మొదలయ్యే ముక్క వెనక్కి చూస్తుంది. దానికి ముందు వాక్యం ఉంటే చాలు, ముట్టుకోనక్కర్లేదు. "వల్ల" అని ముగిసేది ముందుకు చూస్తుంది, దాని ఫలితం తర్వాత రావాలి. చుక్క తీసేసి, కామా పెట్టి, తర్వాతి వాక్యంతో కలిపేస్తే సరి. ఒక్క చుక్క తీసి ఒక్క గీత పెట్టడం. మాట పోదు, మాట రాదు.

కానీ మనుషులు మాట్లాడేటప్పుడు "వల్ల"ను వెనక్కి కూడా వేస్తారు. "నేను రాలేదు. వాన వల్ల." అంటాం కదా? అందుకే ముందుకీ వెనక్కీ రెండువైపులా అతికే ముక్క కనిపిస్తే ఊహించకూడదు, ఫోను చేసి అడగాలి. ఈ నియమం పెట్టింది ఎవరో కాదు, నేనే. కాగితం మీద రాసి నా బల్లకు అంటించింది కూడా నేనే.

ఆ గురువారం మధ్యాహ్నం భోజనాల గదిలో బాబాయికీ నాకూ మాట పట్టింపు వచ్చింది. బాబాయి అంటే మా బాబాయి కాదు. మెకానిక్కులందరిలోకీ పెద్దవాడు, ముప్ఫై ఏళ్ళ సర్వీసు, ఆఫీసంతటికీ బాబాయే. నన్ను మాత్రం అమ్మడూ అనేవాడు. ఆ రోజు నేను ఎవరికో నా పద్ధతి గురించి ఉపన్యాసం ఇస్తుంటే పక్క బల్ల మీంచి నవ్వాడు.

"ఎందుకమ్మడూ అంత ఆయాసం? బట్ట మాది, నువ్వు ఇస్త్రీ చేస్తావు. ఇస్త్రీవాడు నేను నేశానంటే ఎలా?"

గదంతా ఘొల్లుమంది. ఇంకోరోజైతే నేనూ నవ్వేదాన్ని. ఆ రోజు ఎందుకో గుచ్చుకుంది. "ఇస్త్రీ చేయకపోతే నలిగిన బట్టతో తిరుగుతారు, జాగ్రత్త" అనేసి డబ్బా మూసుకుని వచ్చేశాను. ఆయన వెనకాల "అయ్యో, అమ్మడూ, ఊరికే అన్నాను" అంటున్నా తిరిగి చూడలేదు.

సాయంత్రం ఆరు కావస్తుండగా ఆయన మెయిల్ వచ్చింది. ఆరంతస్తుల భవనం ఒకటి, అన్నీ చిన్న చిన్న ఆఫీసులు, శిక్షణ తరగతులు. ఆయన రాసింది ఇదీ:

"పెద్ద లిఫ్టు మూడో అంతస్తులో నేలకు సమంగా ఆగడం లేదు. నాలుగు వేళ్ళు కిందికి దిగి ఆగుతోంది. లిఫ్టు ఆపలేదు. తాళంచెవి దొరకకపోవడం వల్ల. నోటీసు పెట్టలేదు. రేపు తొమ్మిదికి సామాను తెచ్చి చేస్తాను."

చూశారుగా, నడివీధిలో ముక్క. వెనక్కి అతికించవచ్చు: లిఫ్టు ఆపలేదు, తాళంచెవి దొరకకపోవడం వల్ల. ముందుకూ అతికించవచ్చు: తాళంచెవి దొరకకపోవడం వల్ల నోటీసు పెట్టలేదు. ఆ భవనంలో నోటీసు బోర్డుకు అద్దం తలుపు, దానికో తాళం ఉంటుంది. ఏడాది కిందట ఆ తాళం గురించే ఓ ఉత్తరం నేనే దిద్దాను. కాబట్టి ముందుకు అతికినా అబద్ధంలా ఉండదు.

రెండువైపులా అతుకుతోందని నాకు తెలిసింది. ఇది బాగా వినండి, తెలియక చేశానని నేను చెప్పడం లేదు. ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా. ఆయన గొంతు వినాలి, "ఏంటమ్మడూ, కోపం పోయిందా?" అంటాడు, నేను మెత్తబడాలి. నాకు మెత్తబడాలని లేదు. "వల్ల" ముందుకే కదా చూసేది అనుకున్నాను. ఫోను పెట్టేశాను. చుక్క తీసి, కామా పెట్టి, నోటీసుతో కలిపి పంపేశాను. అర నిమిషం పట్టి ఉంటుంది.

శుక్రవారం పొద్దున ఎనిమిదిన్నరకు ఆ భవనం మూడో అంతస్తులో కుట్టు నేర్పే టీచరమ్మ, రెండు చేతుల్లో బట్టల మూటతో లిఫ్టులోంచి బయటికి అడుగేసింది. నాలుగు వేళ్ళ మెట్టు కాలికి తగిలింది. బోర్లా పడింది. కుడి మణికట్టు విరిగింది.

పదకొండుకల్లా ఫిర్యాదు వచ్చింది. కింద నేను పంపిన మెయిల్ అతికించి, ఒక వాక్యానికి పసుపు రంగు పూశారు. "లిఫ్టు ఆపలేదు." ప్రమాదమని తెలిసీ మీ మెకానిక్కు ఏ కారణమూ లేకుండా లిఫ్టును నడవనిచ్చాడు, ఇలాంటి మనిషికి లైసెన్సు కార్డు ఎలా ఇచ్చారు అని అడిగారు. అడిగినదాంట్లో తప్పేముంది? ఆ మెయిల్ చదివిన ఎవరైనా అలాగే అడుగుతారు.

మా మేనేజరు గారు బాబాయిని పిలిపించారు. మెయిళ్ళ డెస్కు కాబట్టి నన్నూ కూర్చోమన్నారు.

"ఎందుకు ఆపలేదు బాబాయ్?"

"ఎలా ఆపుతానండీ? మెయిన్ స్విచ్చి పైగదిలో ఉంది. దాని తాళంచెవి ఎవరి దగ్గరా లేదు. ఆ భవనం మేనేజరుకు రెండుసార్లు చేశాను, ఫోను ఆపేసి ఉంది. అందుకేగా మెయిల్లో రాశాను, తాళంచెవి దొరకలేదని."

మేనేజరు గారు కాగితం ముందుకు తోశారు. బాబాయి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఇది నోటీసు సంగతి కదా బాబాయ్. నోటీసు బోర్డు తాళం. లిఫ్టు ఎందుకు ఆపలేదో ఇందులో ఏదీ?"

"నోటీసు నేను పెడదామంటే కింద కూర్చునే వాచ్‌మన్ తానే రాస్తానన్నాడండీ. దానికి తాళం ఎందుకు..." అని ఆగిపోయాడు. కాగితం కేసి చూస్తూ ఉండిపోయాడు.

మేనేజరు గారు నావైపు తిరిగారు. "అక్కా, మీరు ఇందులో ఒక్క మాటైనా మార్చారా?"

చెప్పేయాల్సింది అప్పుడే. నోరు తెరిచాను కూడా.

"ఒక్క మాట కూడా మార్చలేదండీ" అన్నాను.

అది నిజం. అక్షరం అక్షరం నిజం. పద్నాలుగేళ్ళు ఏ మాట చెప్పుకుని గర్వపడ్డానో ఆ మాటే. అంత నిజంతో అంత పచ్చి అబద్ధం ఆడవచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

బాబాయి కళ్ళజోడు తీశాడు. "అమ్మడు మార్చదండీ. నాకు తెలుసు. తప్పుంటే దిద్దుతుంది గానీ మార్చదు." తర్వాత ఇంకాస్త నెమ్మదిగా, "నేనే అలా రాసి ఉంటాను. మనసులో ఒకటి పెట్టుకుని చేత్తో ఇంకోటి కొట్టానేమో" అన్నాడు.

సోమవారం పొద్దున లైసెన్సు కార్డు తెచ్చి అప్పగించమన్నారు మేనేజరు గారు. కార్డు లేకపోతే లిఫ్టు మీద చెయ్యి వేయడానికి వీల్లేదు. బాబాయి "సరేనండీ" అని లేచాడు. పోట్లాడతాడనుకున్నాను, ఆయన పోట్లాడలేదు. పోట్లాడితే నాకు కొంచెం తేలికయ్యేదేమో, ఛీ, ఆ ఆశ కూడా నాకోసమే.

శనివారం ఆ భవనానికి క్షమాపణ ఉత్తరం పట్టుకెళ్ళమన్నారు. ఉత్తరం రాసింది నేనే. "మా మెకానిక్కు నిర్లక్ష్యానికి చింతిస్తున్నాం." ఎక్కడా ముక్కలు లేవు, కర్తా క్రియా అన్నీ కుదురుగా ఉన్నాయి. ఆ భవనం మేనేజరు పెద్దాయన, చెడ్డవాడు కాదు. చదివి బల్ల మీద పెట్టి నిట్టూర్చాడు.

"నాకు మీ మెయిల్ ఏడింటికే అందిందమ్మా. చదివాను. మెకానిక్కు చూసి కూడా ఆపలేదంటే అంత ప్రమాదమేం లేదు కాబోలు అనుకున్నాను. నోటీసు బోర్డు తాళం రేపు తీయొచ్చులే అనుకున్నాను." సొరుగు లాగి ఓ గుత్తి తీసి చూపించాడు. "పైగది తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. నా ఇల్లు పక్క వీధే. స్విచ్చి దించాలి, తాళం లేదు అని ఒక్క ముక్క రాసుంటే, అన్నం ముందునుంచి లేచి వచ్చి దించేసేవాణ్ణి."

అప్పటిదాకా నేను బాబాయి ఉద్యోగం ఒక్కటే తీశాననుకున్నాను.

మెట్లెక్కి మూడో అంతస్తుకు వెళ్ళాను. వెళ్ళకుండా ఉండలేకపోయాను. టీచరమ్మ కుర్చీలో కూర్చుని ఉంది, చేతికి మోచేతి దాకా కట్టు. అయిదారుగురు ఆడవాళ్ళు మిషన్ల మీద కుడుతున్నారు. నేను లిఫ్టు కంపెనీ నుంచి వచ్చానంటే ఆవిడ అరవలేదు.

"కత్తెర పట్టుకోడానికి రెండు నెలలంటమ్మా. నోటితో చెబుతున్నాను, ఇక్కడ కత్తిరించండి అక్కడ కత్తిరించండి అని. బట్ట పాడైపోతోంది. చూపిస్తేగానీ వచ్చే విద్య కాదు కదా ఇది" అంది. ఆ తర్వాత, "ఆ మెకానిక్కు నిన్న వచ్చాడు. పళ్ళు తెచ్చాడు. తప్పు నాదే అమ్మా అని రెండు చేతులూ జోడించాడు. పెద్దవాడు, నాకే అదోలా అయిపోయింది" అంది.

నీళ్ళు తాగుతారా అంటే వద్దన్నాను. దిగేటప్పుడు మెట్లు ఎన్ని ఉన్నాయో కూడా తెలియలేదు.

ఆదివారం ఇంట్లో అన్నం కలిపి అలాగే కూర్చున్నాను. మా ఆయన బడిలో లెక్కల మాస్టారు, మాటలు తక్కువ. శుక్రవారం నుంచీ చూస్తూనే ఉన్నట్టున్నాడు. అప్పుడు మొత్తం చెప్పాను, భోజనాల గదిలో ఇస్త్రీ మాట దగ్గర్నుంచీ. నేను ఒక్క మాట కూడా మార్చలేదని మాత్రం రెండుసార్లు చెప్పాను.

"మార్చలేదు, సరే" అన్నాడు. "మరి అన్నం ఎందుకు దిగడం లేదు నీకు?"

"వాళ్ళకు చెబితే నా డెస్కు పోతుంది."

"చెప్పకపోతే?"

నేను మళ్ళీ అన్నం కెలికాను. ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. నా కంచం మీద మూత పెట్టి వెళ్ళిపోయాడు. ఎక్కువ మాట్లాడితే నేను పోట్లాటకు దిగి, చెప్పకుండా తప్పించుకుంటానని ఆయనకు తెలుసు.

సోమవారం ఎనిమిదింటికే ఆఫీసుకు వెళ్ళి బాబాయి రాసిన అసలు మెయిల్ ప్రింటు తీశాను. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే చీమంత తేడా. మేనేజరు గారు తొమ్మిదిన్నరకు వచ్చారు. నేను తలుపు తోసేసరికి బాబాయి అప్పటికే లోపల ఉన్నాడు. కార్డు బల్ల మీద ఉంది. దాని పక్కన ఇంకో కాగితం.

"బాబాయే రాజీనామా ఇస్తున్నాడు" అన్నారు మేనేజరు గారు. ఆయన ముఖం కూడా బాగోలేదు. "సస్పెండే చేద్దామనుకున్నాను నేను."

"వద్దండీ" అన్నాడు బాబాయి. "ఏం రాస్తున్నానో నాకే తెలియకపోతే రేపు ఏ తీగ ఎక్కడ బిగిస్తున్నానో మాత్రం తెలుస్తుందా? ఇంట్లో కూడా చెప్పాను. మూడు రోజుల్నుంచి మా ఆవిడ నన్ను పొయ్యి కూడా ముట్టించనివ్వడం లేదు, ఎక్కడ మర్చిపోతానోనని."

నేను రెండు కాగితాలూ బల్ల మీద పెట్టాను. "మెయిల్ తప్పుగా రాసింది బాబాయి కాదండీ. తప్పు చేసింది నేను" అన్నాను. చుక్క ఎక్కడ ఉండేదో, నేను ఎక్కడ కలిపానో చూపించాను. రెండువైపులా అతుకుతుందని తెలిసీ అడగలేదని చెప్పాను. ఎందుకు అడగలేదో కూడా చెప్పాను, కోపంగా ఉండి. ఆ భవనం మేనేజరు గుత్తి తీసి చూపించిన సంగతీ చెప్పాను. శుక్రవారం మీరు అడిగినప్పుడు నాకంతా తెలుసండీ అని కూడా చెప్పాను. అది చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. కానీ అన్నిటికన్నా పెద్ద తప్పు అదే.

మేనేజరు గారు రాజీనామా కాగితం నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేశారు. కార్డు బాబాయివైపు జరిపారు. మీ సంగతి తర్వాత చూద్దాం అని నాతో అన్నారు. భవనం వాళ్ళకూ టీచరమ్మకూ అసలు జరిగింది రాసి, కింద నా సంతకంతో ఇవాళే పంపమన్నారు. పంపుతానన్నాను.

బాబాయి ఇంకా ఆ అసలు కాగితాన్నే పట్టుకుని ఉన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి చదువుతున్నాడు. "నేను సరిగ్గానే రాశాను" అన్నాడు, తనలో తాను. "చూడండి, ఇక్కడే ఉంది. సరిగ్గానే రాశాను." ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బయట వసారాలో ఆయన్ని పట్టుకున్నాను. "బాబాయ్, నన్ను తిట్టండి. చెప్పుతో కొట్టినా పడతాను."

ఆయన ఆగాడు. "ఆ చుక్క తీసి కలపడం ఉందే, అది ఎవరైనా చేస్తారు. నేను ముప్ఫై ఏళ్ళలో ఎన్ని తీగలు తప్పుగా కలపలేదు? శుక్రవారం నేను ఆ గదిలో కాగితం పట్టుకుని నా బుర్ర చెడిపోయిందనుకుంటుంటే, ఎదురుగా కూర్చుని చూశారు."

"బాబాయ్..."

"ఆ పెద్ద లిఫ్టు పని ఇవాళ ముగిస్తాను. సాయంత్రం మెయిల్ పెడతాను" అన్నాడు. "చూసి పంపండి, మేడం."

సంచి భుజాన వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఇరవై ఏళ్ళ కూతురున్న నన్ను ఆఫీసులో అమ్మడూ అని పిలిచే మనిషి ఆయనొక్కడే.